కత్తిపీట దగ్గరే మొదలు

హోటల్లో ఎరువు తయారీ మొదలుపెట్టి ఆపేసినవాళ్ళ నోట వినిపించే కారణాలు మూడే: కంపు కొట్టింది, ఈగలు ముసిరాయి, పనివాళ్ళు మాట వినలేదు. మొదటి రెండిటికీ తొట్టెను తప్పుపడతాం, మూడోదానికి మనుషుల్ని. అలా ఆగిపోయిన తొట్టెను ఒకసారి నేల మీద గుమ్మరించి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. గడ్డకట్టిన అన్నం, దానికి పట్టిన సాంబారు, ఆ ముద్దలో పాల ప్యాకెట్ మూల కత్తిరించిన చిన్న ముక్క, కొత్తిమీర కట్టకు ఉన్న రబ్బరుబ్యాండు, చేతులు తుడుచుకున్న కాగితం, ఓ చెమ్చా. ఇవన్నీ ఒక్కటయ్యాక విడదీయటం ఎంత ఓపికగల మనిషి వల్లా కాదు. విడదీయటానికి ఉన్న ఒకే ఒక్క అదను, ఆ వస్తువు చేతిలోంచి జారిన క్షణం. అది గడిచిపోయాక మంచి తొట్టె కొన్నా, బ్యాక్టీరియా పొడి చల్లినా ఫలితం ఉండదు. అందుకే ఈ అధ్యాయంలో తొట్టె కంటే ముందు కత్తిపీట గురించి మాట్లాడతాను. హోటల్ మొత్తం చెత్తనూ ఒక్కసారి సంస్కరించాలని చూడకండి. కూరగాయలు తరిగే చోట పుట్టే ఒక్క రకం చెత్తను శుభ్రంగా పట్టుకుని, దాన్ని మాత్రమే ఎరువు చేయండి. మిగతావి ఆ పని కుదురుకున్న తరవాత.

మధ్యాహ్నం, రాత్రి కలిపి రోజుకు 200 మీల్స్ వడ్డించే ఒక మామూలు శాకాహార భోజన హోటల్‌ను ఊహించుకుందాం. ఉల్లిపాయలు, ఆకుకూరలు కలుపుకుని రోజుకు 50 కిలోల కూరగాయలు తరుగుతారు. అందులో తొక్కలు, తొడిమలు, కాలీఫ్లవర్ ఆకులు, తోటకూర కాడలు కలిసి 10 కిలోలు, కాఫీ టీ పిప్పి మరో 2 కిలోలు వస్తాయనుకుందాం. మీ దగ్గర ఆ లెక్క తేడాగా ఉంటుంది. వారం రోజులు తూకం వేస్తే మీ అంకె మీకే తెలుస్తుంది. ఇదే హోటల్లో విస్తళ్ళలో మిగిలిన అన్నం, కూరలు, అరటాకులు దీనికి రెండు మూడు రెట్లు ఉండవచ్చు. అంత పెద్ద భాగాన్ని వదిలేసి చిన్నదానితో మొదలుపెట్టమనటం సరైన సలహాలా వినిపించదు. కానీ ఈ రెండూ ఒకే జాతి చెత్త కావు. తొక్కల్లో ఉప్పు లేదు, నూనె లేదు, వాటి మధ్య గాలి ఆడుతుంది. వండిన అన్నం పిండిలా అంటుకుపోయి గాలిని అడ్డుకుంటుంది, నూనె దాని మీద పొరలా పరుచుకుంటుంది, ఉప్పు చివరిదాకా అలాగే మిగిలి మొక్క వేరును బాధపెడుతుంది. పైగా వండిన తిండి వాసన ఎలుకను పిలుస్తుంది. బీరకాయ తొక్క అంతగా పిలవదు. కొత్తగా పని నేర్చుకుంటున్న చోట ముందుగా సులువైన సరుకును ఇవ్వటమే న్యాయం.

ఈ గీతను పనివాళ్ళకు కొత్తగా నేర్పనక్కర్లేదు కూడా. ఎంగిలి, ఎంగిలి కానిది అన్న తేడా మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. బీహారు నుంచి వచ్చిన కుర్రాడికి 'జూఠా' అన్న మాటతో అదే తేడా తెలుసు. 'జీవ విచ్ఛిన్న వ్యర్థాలు' అని బోర్డు రాసి పెడితే చదివేవాడు ఉండడు. 'ఎంగిలి తాకనిది, పొయ్యి ఎక్కనిది ఈ ఆకుపచ్చ బకెట్లోకి' అని ఒక్కసారి చూపించి చెబితే మళ్ళీ చెప్పే పని తక్కువ. కాఫీ టీ పిప్పి ఒక్కటే దీనికి మినహాయింపు. ఒకే రకం చెత్త చేతికందితే ఎంత తేలికవుతుందో చూడాలంటే హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఉంది. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో చెప్పారు. అక్కడి యంత్రం పెద్దది, మన తొట్టె చిన్నది, పద్ధతి కూడా వేరు. కానీ మార్కెట్‌లో పుట్టేది చాలావరకు కూరగాయల చెత్తే కావటం ఆ యంత్రానికి సగం బలం. మన కత్తిపీట దగ్గర కూడా అలాంటి చిన్న మార్కెట్ ఒకటి రోజూ ఉదయం నడుస్తోంది.

ఇక పని దగ్గరకు వద్దాం. తరిగే బల్ల దగ్గర చెత్తలోకి ప్లాస్టిక్ ఎలా వస్తుందో గమనిస్తే, కత్తి పట్టినప్పుడు రాదు, మూట విప్పినప్పుడు వస్తుంది. కరివేపాకు కట్టకు దారం, కొత్తిమీరకు రబ్బరుబ్యాండు, పుట్టగొడుగులకు ప్యాకెట్, క్యాప్సికమ్‌కు స్టిక్కరు, ఉల్లిపాయలకు నెట్ సంచి. తరుగుతూ తరుగుతూ విప్పితే ఇవన్నీ తొక్కల్లోనే పడతాయి, అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. కాబట్టి విప్పటాన్నీ తరగటాన్నీ విడగొట్టండి. సరుకు దిగే చోట నీలం టబ్బు ఒకటి పెట్టి, కట్టలన్నీ అక్కడే విప్పి, కూరగాయలు విడిగా ట్రేలలోకి ఎత్తాకే తరిగే బల్ల మీదకు రానివ్వాలి. ఆ బల్ల కింద, తరిగేవారి ఎడమ చేతికి అందేంత దూరంలో 20 లీటర్ల ఆకుపచ్చ బకెట్ ఉండాలి. అందులో ప్లాస్టిక్ కవరు పరచకూడదు, ఎందుకంటే ఒక కవరు కనిపిస్తే రెండోది వేయటానికి చేయి వెనకాడదు. బల్లకు మూడడుగుల దూరంలో ఇంకే రంగు బకెట్టూ ఉండకూడదు. అక్కడ ఎంచుకోవటానికి రెండు బకెట్లు ఉంటే తప్పు జరుగుతుంది, ఒక్కటే ఉంటే తప్పు చేయటానికి చోటే ఉండదు. కాలీఫ్లవర్ కాడ, అరటిదూట చివర లాంటి గట్టివాటిని రెండంగుళాల ముక్కలుగా కొట్టి వేయమని తరిగేవారికి చెప్పండి. కత్తి చేతిలోనే ఉంది కాబట్టి అది అక్కడ క్షణం పని, తొట్టె దగ్గర అరగంట పని. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు మాత్రం ఈ బకెట్లోకి వద్దు, అవి ఏడాదికి కూడా చివకవు.

బకెట్ నిండాక ఏమవుతుందన్నది వేళతోనూ పేరుతోనూ ముడిపడాలి. ఉదయం తరగటం ముగిసి మీల్స్ మొదలయ్యే లోపు, అంటే పదకొండు ప్రాంతంలో, ఒక మనిషి బకెట్లు తూచి, తొట్టెకు తీసుకెళ్ళి, ఎండుటాకు కలిపి, పైన కప్పి, బకెట్ కడిగి బల్ల కింద పెట్టేయాలి. మొత్తం ఇరవై నిమిషాలు. సాయంత్రం తరిగింది, కాఫీ పిప్పి కట్టేసే ముందు ఇంకోసారి. 'అందరూ చూసుకోండి' అంటే ఎవరూ చూసుకోరు. గోడ మీద ఈ వారం మనిషి పేరు, అతని వారపు సెలవు రోజున చేయాల్సిన రెండో మనిషి పేరు రాసి ఉండాలి. హోటళ్ళలో ఈ ఏర్పాట్లు చెడిపోయేది ఎక్కువగా ఆ సెలవు రోజునే. ఆ మనిషి వంట చేసేవాడు కాకపోతే మేలు. అయితే మాత్రం ఏప్రాన్ తీసి వెళ్ళాలి, తిరిగొచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే గరిటె పట్టాలి. తొట్టె కూడా వంటగది కిటికీకి, నీళ్ళ సంపుకు దూరంగా ఉండాలి.

మొదటి రెండు వారాలు ఇంకో పని చేయాలి. బకెట్‌ను నేరుగా తొట్టెలో వేయకుండా ముందు ఒక పట్టా మీద గుమ్మరించి, ఉండకూడనివి ఏరి, ఎన్ని దొరికాయో రిజిస్టరులో రాయాలి. తేదీ, ఎన్ని కిలోలు, ఎన్ని బకెట్ల ఎండుటాకు, ఏరిన ముక్కలెన్ని, సంతకం. ఇంతకు మించి గడులు పెడితే రాయరు. ఏరినవాటికి జరిమానా వేయకండి. జరిమానా వేసిన మరుసటి రోజు నుంచి ఏరిన ముక్కలు సున్నా అని రాసి ఉంటుంది, ముక్కలు మాత్రం తొట్టెలో ఉంటాయి. బదులుగా ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. నాలుగు రోజులు వరసగా టీ బ్యాగుల దారాలు దొరికితే కాఫీ కౌంటరు దగ్గర చిన్న డబ్బా లేదని అర్థం. స్టిక్కర్లు దొరుకుతుంటే విప్పే చోటు నుంచి టబ్బు ఎవరో జరిపారని అర్థం. పనివాళ్ళు వినటం లేదన్న ఫిర్యాదు చాలాసార్లు ఇలా ఒక డబ్బా పెట్టటంతోనో, జరిపిన టబ్బును తిరిగి పెట్టటంతోనో తీరిపోతుంది.

తొట్టె విషయానికొస్తే, అడుగున నేల మీద ఇటుకలు సందులు వదిలి పేర్చి కట్టిన మూడు గదులు చాలు. ఒక్కోటి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు; ముందువైపు తీసి పెట్టుకునే చెక్క పలకలు, పైన వాన పడకుండా రేకు, ఎలుక దూరకుండా అడుగునా సందులకూ సన్నకన్ను ఇనుప వల. మీటరు కంటే చిన్నదైతే లోపలి వేడి నిలవదు. మేడ మీద పెట్టాలనుకుంటే నిండిన గది అర టన్ను దాకా తూగుతుందని గుర్తుంచుకుని ఇంజనీరును అడిగాకే పెట్టండి. అడుగున అర అడుగు మందాన కొబ్బరి పీచు, పుల్లలు పరిచి, మొదటి రోజు ఒక బుట్ట పాత ఎరువో, పేడనీళ్ళో చల్లితే కావలసిన సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. వాటికి డబ్బు పెట్టి పొడులు కొననక్కర్లేదు.

అసలు కిటుకు ఎండుటాకులో ఉంది. దీనికి ఒక చిన్న లెక్క చేద్దాం. కూరగాయల తొక్కల్లో నూటికి 85 వంతులు నీరే, అంటే మన 12 కిలోల్లో నీరే 10 కిలోలు. గాలి పీల్చే సూక్ష్మజీవులకు కుప్పలో 60 శాతం దాకా తడి బాగుంటుంది. అంతకు మించితే సందులన్నీ నీటితో నిండి, గాలి లేకుండా బతికే జీవులు పని అందుకుంటాయి, కంపు వాటిదే. 12 కిలోల తొక్కలకు 6 కిలోల ఎండుటాకు కలిపితే మొత్తం 18 కిలోలు, అందులో నీరు దాదాపు 11 కిలోలు, అంటే 60 శాతం. ఎండాకాలం గాలికి కొంత ఆవిరవుతుంది కాబట్టి 4 కిలోలతోనూ సరిపోతుంది. పనివాళ్ళకు ఈ కిలోలు చెప్పకండి. 'రెండు బకెట్ల తొక్కలకు, నలిపిన ఆకు మూడు నాలుగు బకెట్లు' అని చెప్పండి, పైన కప్పటానికి ఇంకొంచెం. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకు చాలలేదు, చేయి తడవకపోతే నీళ్ళు చిలకరించాలి. పచ్చిది ఏదీ పైకి కనిపించకూడదు. రెండంగుళాల ఆకు కప్పు ఉంటే ఈగకు గుడ్లు పెట్టే చోటు దొరకదు.

ఇంత ఆకు ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే, చాలామంది ముందుగా ఆలోచించనిదీ ఇదే. మన ఊళ్ళలో వేప, కానుగ లాంటి చెట్లు శిశిరంలో, ఉగాదికి ముందు వారాల్లో ఆకు రాలుస్తాయి. అప్పుడు పార్కుల్లో, అపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో దాన్ని ఊడ్చి తగలబెడుతుంటారు. అడిగితే సంతోషంగా ఇస్తారు. తొట్టెకు ఎండుటాకు అన్నిటికంటే ఎక్కువ కావలసింది వానల నాలుగు నెలలు, అప్పుడు పొడి ఆకు పుల్ల కూడా దొరకదు. రోజుకు 6 కిలోల చొప్పున 120 రోజులకు 720 కిలోలు; తొక్కి నింపిన బియ్యం గోనెసంచిలో పది కిలోల ఆకు పడుతుందనుకుంటే 70 సంచులకు పైనే. వానాకాలం తొట్టె కంపు కొట్టకుండా ఉండాలంటే ఆ సంచులు ఉగాది నాటికే రేకు కింద చేరాలి. అంత చోటు లేకపోతే కొబ్బరి పొట్టు, వేరుశనగ పొట్టు కలుపుకోవచ్చు. రంపపు పొట్టు కొద్దిగానే వాడాలి, అది చాలా నెమ్మదిగా చివుకుతుంది.

కుప్ప సరిగా నడుస్తోందో లేదో చేతికీ ముక్కుకూ తెలుస్తుంది. కుప్ప కొంత ఎత్తుకు వచ్చాక దాని నడుమకు ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీస్తే పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. లోపల 55 డిగ్రీలు మూడు రోజులు నిలిస్తే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. వారానికోసారి పారతో తిరగేసి అంచుల్లోది మధ్యకు తేవాలి. ఇండోర్‌లో 1924 తరవాతి ఏళ్ళలో ఆల్బర్ట్ హోవర్డ్ రైతుల పద్ధతులు చూసి స్థిరపరచిన కంపోస్టు విధానానికి ప్రాణం కూడా ఈ తిరగేయటమే. పుల్లటి కుళ్ళు వాసన వస్తే తడి ఎక్కువైంది, తిరగేసి ఆకు వేయాలి. ముక్కు మండించే ఘాటు వాసన వస్తే పచ్చిది ఎక్కువైంది, దానికీ ఆకే మందు. చీమలు పట్టి వేడి లేకపోతే ఎండిపోయింది. బూడిదరంగు లావుపాటి పురుగులు కనిపిస్తే భయపడి మందు కొట్టకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, తొక్కల్ని వేగంగా తింటాయి. కుప్ప కొంచెం ఆరితే తగ్గిపోతాయి.

హోటల్ యజమానుల అభ్యంతరాల్లో నేను బలమైనదిగా భావించేది ఖర్చు గురించి. 'మున్సిపాలిటీ బండి ఎలాగూ వస్తుంది, నాకేం మిగులుతుంది?' నిజాయితీగా చెప్పాలంటే ఎరువు అమ్మి లాభం చూద్దామనుకుంటే ఈ పని పెట్టుకోవద్దు. మన లెక్కలో ఒక గది నిండటానికి నెల పడుతుంది, అందులోంచి చివరికి వచ్చేది 150 కిలోల చుట్టుపక్కల. దాని ఖరీదు మనిషి కూలికి సరిపోదు. మిగిలేది వేరే చోట ఉంది. రోజూ తూకం రాసే హోటల్లో, 50 కిలోలకు 10 కిలోలు పోతున్న తొక్క ఒక మంగళవారం 14 అయితే కుళ్ళిన సరుకు దిగిందో, కొత్త మనిషి సొరకాయ మందంగా చెక్కుతున్నాడో ఆ రోజే తెలుస్తుంది. రిజిస్టరు లేని హోటల్లో అది నెలాఖరు బిల్లులో కలిసిపోతుంది. ఇంకో వైపు చట్టం కూడా ఉంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు హోటళ్ళన్నీ చెత్తను పుట్టిన చోటే వేరు చేయాలనీ, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చాలనీ చెప్పాయి. బండి ఎక్కిన కలగాపులగం ఎక్కడికి పోతుందో హైదరాబాదు జవహర్‌నగర్ డంపు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు తెలుసు. అక్కడి భూగర్భ జలాల్లోకి దిగిన మురుగు మన విస్తళ్ళ నుంచి, తొక్కల నుంచి కారినదే.

'మా చెత్త పశువులకు పోతోంది కదా' అన్నది రెండో అభ్యంతరం. శుభ్రమైన తొక్కలు, బియ్యం కడుగు కుడితిగా పోతుంటే నిజంగా అంతకంటే మంచి దారి లేదు, దాన్ని ఆపకండి. ఈ రంగు బకెట్ ఆ పనికీ సాయపడుతుంది, ఎందుకంటే పాల ప్యాకెట్ ముక్క తొట్టెలో కంపు అయితే, గేదె కడుపులో ప్రాణానికే ముప్పు. మనుషులు నెలకోసారి మారిపోతుంటారన్న మూడో అభ్యంతరానికి జవాబు ఇప్పటికే చెప్పాను: అలవాటు మనిషిలో కాక బల్లలో, బకెట్ ఉన్న చోటులో, పదకొండు గంటల్లో ఉంటే, కొత్త కుర్రాడు పక్కవాణ్ణి చూసి మొదటి రోజే నేర్చుకుంటాడు.

ఎంగిలి వైపు ఎప్పుడు వెళ్ళాలి? పట్టా మీద ఏరిన ముక్కలు వరసగా నెల రోజులు ఐదు దాటకుండా ఉండి, మొదటి గది ఒక్కసారైనా పూర్తిగా ఎరువైతే అప్పుడు. అదైనా మొత్తం కాదు. ఆకులు ఎత్తే చోట ముందు జల్లెడ పెట్టి పులుసు, మజ్జిగ కారిపోనివ్వాలి. అన్నాన్ని ముద్దగా కాక విడదీసి, ఎండుటాకులో దొర్లించి, రోజు వేసే తొక్కల్లో నాలుగో వంతు మించకుండా కుప్ప నడుమ పూడ్చాలి. అరటాకు పీచు గట్టిది, చీల్చి వేయకపోతే తడిసిన గుడ్డలా పరుచుకుని కింద గాలి ఆడనివ్వదు. మాంసాహార హోటలైతే ఎముకలు, చేప ముళ్ళు, మాంసం ఈ తొట్టెకు ఎప్పటికీ వద్దు. వాడేసిన నూనె చుక్క కూడా రాకూడదు, దాన్ని డబ్బాలో పట్టి కొనేవాళ్ళకు ఇవ్వాలి. మిగిలిన ఎంగిలిని వేరే డ్రమ్ములో తడి చెత్తగా బండికి ఇచ్చినా, అది కలగాపులగం కాదు కాబట్టి ఎవరికో పనికొస్తుంది.

మొదటి గది నిండి మూతపడ్డాక మరో రెండు నెలలు ఆగాలి. ఆ లోపు రెండోది నిండుతుంది, మూడోది మొదలవుతుంది. మూడు నెలల నాటికి పలకలు తీస్తే లోపల ముదురు గోధుమరంగు పొడి, తొలకరి వాన పడ్డ మట్టి వాసన ఉండాలి. నమ్మకం కుదరకపోతే తడిగా ఉన్న గుప్పెడు ఎరువును కవరులో గాలి పోకుండా కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. పుల్లటి వాసనో ఘాటో వస్తే ఇంకా చివకాలి. జల్లెడ పట్టేటప్పుడు దుమ్ము లేస్తుంది, ముక్కుకు మాస్కు ఉండాలి. జల్లెడలో మిగిలిన పుల్లలు కొత్త గది అడుగుకు వెళతాయి. ఎరువును మూడో వంతు మట్టిలో కలిపి కరివేపాకు, పుదీనా కుండీల్లో వేస్తే, పది రోజులకు వాటి మధ్య నాటని టమోటా మొలకలు లేస్తాయి. అవి కుప్ప అంచుల్లో వేడి తగలని గింజలు. ఎక్కువగా మొలిస్తే వారం వారం తిరగేయటంలో అంచులు మధ్యకు రావటం లేదని అర్థం. పారకు ఆ సంగతి చెప్పాలి.